ఇల్లు ఆయన పేరు మీద ఉంటే, నేను ఎక్కడికి పోవాలి?

(కావలిలో పొదుపు సంఘాల లీడర్లు, అంగన్‌వాడీ కార్యకర్తల ముందు ఒక మహిళా న్యాయవాది చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న అక్కలు కాస్త ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోందా? సరే.

ఈ రోజు ఒక్క సంగతే మాట్లాడుకుందాం. మొగుడూ పెళ్లాలకు పడలేదు. విడాకులు కాలేదు, కేసు కూడా లేదు, కానీ ఎవరి దారి వాళ్లదైంది. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. ఆయన ఒక రోజు వచ్చి, లేకపోతే తమ్ముడి చేత కబురంపి, "ఇల్లు నాది, ఖాళీ చెయ్యి" అంటాడు. అప్పుడు ఆ అమ్మాయి మన దగ్గరికి వచ్చి ఏమంటుంది? "అక్కా, కాగితాలు ఆయన పేరు మీదే ఉన్నాయి, నాకేం హక్కుంటుంది?" అంటుంది. మనం కూడా ఏమంటాం? "నిజమేలేమ్మా, కొన్నాళ్లు పుట్టింటికి పో" అంటాం. ఆ మాట మంచికే అంటాం. కానీ ఎక్కువ నష్టం జరిగేది ఆ మాట దగ్గరే.

ఎందుకో చెప్తాను. ఇంట్లో రెండు హక్కులుంటాయి, రెంటినీ కలిపేయొద్దు. ఒకటి ఇంటికి ఓనరు ఎవరు అన్నది. అది దస్తావేజు చెప్తుంది. రెండోది ఆ ఇంట్లో ఎవరు కాపురం ఉండొచ్చు అన్నది. అది దస్తావేజు చెప్పదు, చట్టం చెప్తుంది. గృహ హింస నుంచి మహిళలకు రక్షణ చట్టం అని 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ ఒకటుంది. కాపురం ఉన్న ఇంట్లో ఆమెకు హక్కు గానీ, వాటా గానీ ఉన్నా లేకపోయినా, అక్కడ నివాసం ఉండే హక్కు ఆమెకుంది అని రాశారు. ఉన్నా లేకపోయినా! ఆ మాట చట్టంలోనే ఉందమ్మా, నేను కలిపింది కాదు. దాని కిందే ఇంకో మాటుంది: చట్టప్రకారం జరగాల్సిన పద్ధతిలో తప్ప ఆమెను వెళ్లగొట్టకూడదు అని. ఆయన నోటిమాట ఆ పద్ధతి కాదు. తాళం మార్చడం ఆ పద్ధతి కాదు. పెద్దమనుషుల పంచాయతీ కూడా ఆ పద్ధతి కాదు. ఈ చట్టానికి మతంతో పని లేదు. హిందువులైనా, ముస్లిములైనా, క్రైస్తవులైనా ఒకటే.

మరి ఏ ఇల్లు? చట్టం దాన్ని షేర్డ్ హౌస్‌హోల్డ్ అంటుంది. కోర్టులో అందరూ ఆ మాటే వాడతారు కాబట్టి మీరూ గుర్తుపెట్టుకోండి. ఆమె కుటుంబ సంబంధంలో కాపురం ఉంటున్న ఇల్లు, లేదా ఎప్పుడో ఒకప్పుడు కాపురం ఉన్న ఇల్లు. ఇక్కడ ఒక పాత తీర్పు చాలా కాలం ఇబ్బంది పెట్టింది. 2006 డిసెంబరులో బత్రా కేసులో సుప్రీంకోర్టు, ఇల్లు భర్తది గానీ, భర్త అద్దెకు తీసుకున్నది గానీ, ఆయన సభ్యుడైన ఉమ్మడి కుటుంబానిది గానీ అయితేనే అది షేర్డ్ హౌస్‌హోల్డ్ అంది. అత్త పేరు మీద ఉంటే లేదంది. దాంతో ఏమైంది? ఇల్లు అమ్మ పేరు మీద పెడితే సరిపోతుంది అని అందరికీ తెలిసిపోయింది. 2020 అక్టోబరు 15న ముగ్గురు జడ్జీల బెంచి సతీష్ చందర్ అహూజా కేసులో ఆ తీర్పును కొట్టేసింది. మామ పేరు మీద ఉన్నా, అత్త పేరు మీద ఉన్నా, కోడలు అక్కడ స్థిరంగా కాపురం ఉంటే అది షేర్డ్ హౌస్‌హోల్డే. స్థిరంగా అన్నది గట్టిగా పట్టుకోండి. పండక్కి పది రోజులు వచ్చి వెళ్లిన ఇల్లు లెక్కలోకి రాదు. ఇప్పటికీ కొంతమంది ఆ పాత తీర్పు పేరు చెప్పి భయపెడతారు. అది చెల్లదని మీకు తెలియాలి.

ఇప్పుడు ఒక లెక్క వేసుకుందాం. ఇది ఎవరింటి కథా కాదు, లెక్క కోసం నేను కట్టింది. సుజాత అనుకుందాం. కావలి శివారులో పదిహేను అంకణాల స్థలంలో ఇల్లు. 2013లో పెళ్లయింది, 2017లో ఇల్లు కొన్నారు, దస్తావేజు భర్త పేరు మీద. బ్యాంకు లోను 18 లక్షలు, నెలకు 19 వేలు కట్టాలి. ఇద్దరు పిల్లలు ఇక్కడే బళ్లో చదువుతున్నారు. గొడవలై ఆయన నెల్లూరులో రూము తీసుకున్నాడు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమని, బేరం కుదిరిందని తమ్ముడి చేత చెప్పించాడు. కరెంటు మీటరు ఆయన పేరు మీదే, దాన్ని తీసేయిస్తానని కూడా అన్నాడు. కొట్టలేదు. మళ్లీ చెప్తున్నాను, కొట్టలేదు.

కొట్టకపోతే గృహ హింస ఎట్లా అవుతుంది? ఇది మీలో చాలామందికి ఉండే సందేహం. ఇంటి ఉత్తర్వు ఇవ్వాలంటే గృహ హింస జరిగిందని మేజిస్ట్రేట్‌కి నమ్మకం కలగాలి, 19వ సెక్షన్‌లో అట్లాగే రాశారు. అందుకని పిటిషన్‌లో "ఇల్లు కావాలి" అని మాత్రం రాస్తే పని జరగదు. హింస ఏమిటో రాయాలి. అదే చట్టం 3వ సెక్షన్‌లో ఆర్థిక హింస అని ఉంది. ఆమె వాడుకునే హక్కున్న ఇంట్లోకి రానివ్వకపోవడం, ఇంటి ఖర్చులు ఆపేయడం, ఆస్తిని అమ్మేయడం అన్నీ అందులోకి వస్తాయి. సుజాత విషయంలో ఖాళీ చెయ్యమన్న కబురు, కరెంటు తీసేయిస్తానన్న బెదిరింపు, ఇల్లు అమ్మే ప్రయత్నం, మూడూ ఆర్థిక హింసే. తేదీలతో, ఎవరి ముందు అన్నారో ఆ పేర్లతో రాయాలి. "నన్ను మానసికంగా, శారీరకంగా హింసించారు" అని అందరి పిటిషన్లలో ఉండే వాక్యం రాసి ఊరుకుంటే, అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

సరే, సుజాత మొదట ఏం చెయ్యాలి? ఇల్లు వదలకూడదు. ప్రాణానికి ప్రమాదం లేనంత వరకు వదలకూడదు. ప్రమాదం ఉంటే మాత్రం పిల్లల్ని తీసుకుని వెళ్లిపోవాల్సిందే, 112కి ఫోన్ చెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. వెళ్లిపోయినంత మాత్రాన హక్కు పోదు. 2022 మేలో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది, ప్రస్తుతం ఆ ఇంట్లో లేకపోయినా నివాస హక్కు అడగొచ్చని. కానీ అక్కా, లోపల ఉన్నదాన్ని కాపాడమని అడగడం తేలిక. బయటున్న మనిషిని మళ్లీ లోపలికి పంపించమని అడగడం కష్టం. వాయిదాలు పడుతుంటే ఆ ఇంట్లో ఇంకొకరు దిగిపోతారు. అందుకే పుట్టింటికి పొమ్మని మనం సలహా ఇవ్వకూడదు అంటున్నాను.

రెండోది కాగితాలు. ఇంటి దస్తావేజు ఆయన బీరువాలో ఉండొచ్చు, బ్యాంకులో ఉండొచ్చు. ఫర్వాలేదు. రిజిస్టరైన క్రయ దస్తావేజుకి నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరు అర్జీ పెట్టినా ఇస్తారు, ఆయన సంతకం అక్కర్లేదు. నంబరు తెలియకపోతే ముందు ఇ.సి., అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే సర్టిఫికెట్టు, తీయించాలి, సర్వే నంబరు గానీ, డోరు నంబరు గానీ, హద్దులు గానీ ఇస్తే చాలు. ఇంటి పన్ను రసీదు మీద అసెస్‌మెంటు నంబరు ఉంటుంది, అది కూడా పెట్టుకోండి. ఇ.సి. ఎందుకంటే, పిటిషన్ వేసే రోజుకి ఇల్లు ఎవరి పేరు మీద ఉందో అదే చెప్తుంది. కొంతమంది నెల కిందట తీసిన ఇ.సి. పెట్టుకుని వస్తారు. ఈ నెల రోజుల్లో దాన సెటిల్‌మెంటు రాసేసి ఉండొచ్చు కదా? పిటిషన్ వేసే వారంలో తీసినదే పనికొస్తుంది.

తర్వాత ఆమె అక్కడే కాపురం ఉందని చూపించే కాగితాలు. బియ్యం కార్డు, ఆధార్ మీద అడ్రసు, ఓటరు జాబితా, గ్యాస్ పుస్తకం, పిల్లల బడిలో ఇచ్చిన అడ్రసు, అంగన్‌వాడీ రిజిస్టరు. ఇక్కడున్న అంగన్‌వాడీ అక్కలకు చెప్తున్నా, మీ రిజిస్టర్లో గర్భిణిగా ఆమె పేరు ఏ ఇంటి నంబరు దగ్గర రాశారో, అది పదేళ్ల తర్వాత కూడా సాక్ష్యమే. రాసేటప్పుడు ఇంటి నంబరు ఖాళీ వదిలేయొద్దు.

పిటిషన్ ఎక్కడ వెయ్యాలి? మేజిస్ట్రేట్ కోర్టులో, 12వ సెక్షన్ కింద. మన వైపు దాన్ని డి.వి.సి. అంటారు. ఆమె నివాసం ఉన్న చోటైనా వెయ్యొచ్చు, తాత్కాలికంగా తలదాచుకున్న చోటైనా వెయ్యొచ్చు, అవతలి వాళ్లు ఉన్న చోటైనా వెయ్యొచ్చు. సుజాత కావలిలోనే వెయ్యొచ్చు, నెల్లూరు పోనక్కర్లేదు. ఆమె తరఫున వేరేవాళ్లు కూడా వెయ్యొచ్చు. ఇల్లు అడుగుతున్నా సివిల్ దావా కాదు కాబట్టి, ఇంటి విలువ మీద కోర్టు ఫీజు కట్టే పని లేదు. లాయరుకి డబ్బు లేదంటే, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవల సంస్థ దగ్గర అర్జీ పెట్టొచ్చు, 15100కి ఫోన్ చెయ్యొచ్చు. 181 మహిళా హెల్ప్‌లైను కూడా మీకు తెలిసిందే.

రక్షణాధికారి రిపోర్టు, డి.ఐ.ఆర్. అంటారు, అది వచ్చేదాకా ఆగాలా అని అడుగుతుంటారు. ఆగక్కర్లేదు. ప్రభా త్యాగి తీర్పులోనే ఉంది ఈ మాట కూడా, డి.ఐ.ఆర్. లేకపోయినా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చని. రిపోర్టు ఉంటే మంచిదే, కేసుకి బలం వస్తుంది. కానీ దానికోసం ఇల్లు అమ్మేదాకా కూర్చోవద్దు.

ఇప్పుడు అసలు పట్టు ఉన్న చోటికి వద్దాం. పిటిషన్‌లో ఏమడగాలి? కాస్త నెమ్మదిగా వినండి, మన వైపు కేసులు చెడిపోయేది ఇక్కడే.

19వ సెక్షన్ కింద ఇంటికి సంబంధించి చాలా రకాల ఉత్తర్వులు ఇవ్వొచ్చు. సుజాతకు ముందుగా కావాల్సినవి రెండు. ఒకటి, నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు, నా స్వాధీనానికి ఏ విధంగానూ అడ్డు రాకూడదు. "ఏ విధంగానూ" అన్నదాంట్లోకి కరెంటు, నీళ్లు, తాళం అన్నీ తీసుకురావచ్చు, కానీ విడిగా పేరుపెట్టి అడగండి. సర్వీసు నంబరు వేసి, ఈ మీటరు తీయించకూడదు అని. రెండు, ఇల్లు అమ్మకూడదు, దానం చెయ్యకూడదు, తాకట్టు పెట్టకూడదు. మొదటిది అడిగి రెండోది మర్చిపోయిన పిటిషన్లు ఎన్నో ఉంటాయి. ఆమె ఇంట్లో ఉండగానే ఇల్లు చేతులు మారిపోతుంది. కొన్నవాడు బయటివాడు, ఆమెతో కుటుంబ సంబంధం లేనివాడు. ఈ చట్టం కింద వాణ్ణి ప్రతివాదిగా తేవడం కష్టం, ఇంటిని నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. అందుకే ఈ రెండూ జోడెడ్లు, విడదీయొద్దు.

మూడోది, ఇది లాయర్లు కూడా కొన్నిసార్లు వదిలేస్తారు. అమ్మకూడదు అన్న కోరికను 19 కిందే కాకుండా 18వ సెక్షన్ కింద కూడా అడగాలి. 18లో రక్షణ ఉత్తర్వు అని ఉంది. ఆయన ఒక్కడి పేరు మీద ఉన్న ఆస్తిని కూడా మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా అమ్మకూడదని దాని కింద ఉత్తర్వు ఇవ్వొచ్చు. తేడా ఏమిటంటారా? ఉత్తర్వు మీరితే శిక్ష వేసే 31వ సెక్షన్ ఉంది చూడండి, ఒక ఏడాది దాకా జైలు, లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. అది రక్షణ ఉత్తర్వు మీరితే అని రాశారు. నివాస ఉత్తర్వు అనే మాట అక్కడ లేదు. 19 కింద మాత్రమే ఉత్తర్వు ఉంటే, రేపు ఆయన మీరినప్పుడు, ఇది రక్షణ ఉత్తర్వు కాదు కాబట్టి 31 వర్తించదు అని వాదిస్తారు. రెంటి కిందా అడిగితే ఆ వాదనకు చోటుండదు. స్టేషన్‌కి వెళ్లినప్పుడు ఇది సివిల్ మ్యాటరు అని తిప్పి పంపించడమూ కుదరదు, ఎందుకంటే 31 కింద నేరం కాగ్నిజబులు, నాన్ బెయిలబులు. అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చెయ్యొచ్చు, బెయిలు హక్కుగా రాదు.

నాలుగోది బ్యాంకు. సుజాత ఇంటి మీద 18 లక్షల లోను ఉంది కదా. ఆయన ఏం చేస్తాడు? అమ్మడానికి వీల్లేదు, సరే, ఇ.ఎం.ఐ. కట్టడం మానేస్తాడు. బ్యాంకు నోటీసు అంటిస్తుంది, వేలానికి పెడుతుంది. ఆమె చేతిలో ఉన్న ఉత్తర్వు భర్త మీద ఉత్తర్వు. ముందే ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకును అది ఆపదు. ఇది తెలియక, ఉత్తర్వు ఉంది కదా అని ధీమాగా ఉండి మోసపోతారు. మరి దారేంటి? 19వ సెక్షన్‌లోనే ఆరో ఉపవిభాగం ఉంది. ఇంటి అద్దె, ఇతర చెల్లింపులు ప్రతివాది కట్టాలని మేజిస్ట్రేట్ బాధ్యత పెట్టొచ్చు, ఇద్దరి అవసరాలు, ఆదాయాలు చూసి. నెలకు 19 వేల ఇ.ఎం.ఐ., ఇంటి పన్ను, కరెంటు బిల్లు ఆయనే కట్టాలి అని అంకెలతో అడగండి. ఆయన జీతం స్లిప్పు గానీ, సంపాదన గురించి ఆధారం గానీ జత చెయ్యండి. మొదటి కంతు ఎగ్గొట్టగానే కోర్టుకి చెప్పాలి. బ్యాంకు నోటీసు గోడకి అంటించేదాకా ఆగితే చేతిలో ఏమీ మిగలదు.

అక్కా, మీరు రాసుకుంటున్నారు, మంచిది. ఒక్క నిమిషం ఆగుతాను.

ఇవన్నీ తుది తీర్పులో వచ్చేదాకా ఆగలేం కదా? చట్టం ప్రకారం పిటిషన్ అందిన మూడు రోజుల్లో మామూలుగా మొదటి వాయిదా వెయ్యాలి, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. 60 రోజుల్లో తేలిపోతుందని మీరు ఆమెకు మాటివ్వొద్దు, అట్లా తేలదు. అందుకని 23వ సెక్షన్ కింద ఇంటరిమ్ ఉత్తర్వు, అంటే కేసు తేలేదాకా ఉండే తాత్కాలిక ఉత్తర్వు, అదే రోజు అడగాలి. తొందర ఉంటే అవతలి వాళ్లు రాకముందే, ఎక్స్‌పార్టీగా ఇవ్వొచ్చు. దానికి ప్రమాణ పత్రం కావాలి, నిబంధనల్లో మూడో నంబరు ఫారం. ఆ ప్రమాణ పత్రంలో తొందరేమిటో కనపడాలి. సుజాత అయితే, ఫలానా తారీఖున బేరగాళ్లు వచ్చి ఇల్లు కొలుచుకుని పోయారు, ఫలానా వాళ్లు చూశారు, నెలాఖరుకి రిజిస్ట్రేషన్ అంటున్నారు, ఫోన్లో వచ్చిన మెసేజి ఇదిగో. అంతే. నాలుగు వాక్యాలు చాలు, కానీ నాలుగూ నిజం, నాలుగింటికీ తారీఖులు ఉండాలి. పెళ్లినాటి నుంచి కథంతా అందులో పెడితే తొందర కనపడకుండా పోతుంది.

పిటిషన్ చివర ఇంటి షెడ్యూలు తప్పకుండా ఉండాలి. డోరు నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, ఎన్ని అంకణాలు, కరెంటు సర్వీసు నంబరు. చాలా పిటిషన్లలో "కాపురం ఉంటున్న ఇల్లు" అని రాసి వదిలేస్తారు. ఉత్తర్వు కూడా అట్లాగే వస్తుంది. ఆ ఉత్తర్వు పట్టుకుని ఎక్కడికి పోయినా, ఇది ఏ ఇల్లమ్మా అంటారు.

ఉత్తర్వు వచ్చాక ఇంటికొచ్చి బీరువాలో పెట్టుకోవద్దు. కోర్టు నకలు ఉచితంగా ఇవ్వాలి, స్టేషన్ ఆఫీసరుకి కూడా కోర్టే పంపాలి, అది 24వ సెక్షన్. అయినా మనం కూడా ఒకటి పట్టుకెళ్లి ఇచ్చి, రసీదు మీద సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఒకటి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో, ఒకటి కరెంటాఫీసులో, ఒకటి కొంటానన్న మనిషికి రిజిస్టరు పోస్టులో. కొనేవాడికి చెప్పడం ముఖ్యం. తెలిసి కొన్నాడు అన్నది రేపు సివిల్ కోర్టులో పనికొస్తుంది. అసలు చాలామంది బేరగాళ్లు కోర్టు కాగితం చూడగానే అడ్వాన్సు వెనక్కి అడుగుతారు. ఉత్తర్వు అమలుకి పోలీసులు సాయం చెయ్యాలని మేజిస్ట్రేట్ ఆదేశించొచ్చు, ఆ కోరిక కూడా పిటిషన్‌లోనే పెట్టండి.

ఇప్పుడు కథ మారుద్దాం. సుజాత పిటిషన్ వేసే వారంలో ఇ.సి. తీస్తే, ఇల్లు మూడు రోజుల కిందటే అత్త పేరు మీద దాన సెటిల్‌మెంటు అయిపోయిందని తెలిసింది. ఇప్పుడేం చెయ్యాలి? ఏడవక్కర్లేదు. అత్తను కూడా ప్రతివాదిగా చేర్చాలి. ఆడవాళ్ల మీద ఈ కేసు నిలబడదని ఒకప్పుడు వాదించేవాళ్లు. 2016లో హర్సోరా కేసులో సుప్రీంకోర్టు చట్టంలోంచి "పెద్దవాడైన మగవాడు" అన్న పరిమితిని తీసేసింది. వెళ్లగొట్టకూడదనే ఉత్తర్వులో ఇంకో మాట కూడా ఉంది, ప్రతివాదికి ఆ ఇంటి మీద హక్కు ఉన్నా లేకపోయినా అని. అంటే భర్త "నాకిప్పుడు ఏ హక్కూ లేదు, అమ్మది" అన్నా ఆ ఉత్తర్వుకు అడ్డం కాదు. ఒక్కటి మాత్రం కుదరదు. ఇంట్లోంచి నువ్వే బయటికి పో అనే ఉత్తర్వు భర్త మీద ఇవ్వొచ్చు గానీ, ఆడమనిషి మీద ఇవ్వకూడదు. అత్త అక్కడే ఉంటే ఇద్దరూ ఒకే ఇంట్లో వేరే గదుల్లో ఉండాల్సి రావొచ్చు. ఏ గది ఎవరిది, వంటిల్లు ఎవరిది అన్నది కూడా అడగండి, లేకపోతే రోజూ అక్కడే గొడవ.

ఇంకోటి, ఇల్లు మొదట్నించీ మామదే, ఆయనకు డెబ్బై ఏళ్లు, ఆయన కష్టంతో కట్టుకున్నాడు. ఇక్కడ మనం ఆయన వైపు నుంచి కూడా చూడాలి. అహూజా తీర్పు కోడలికి హక్కుందని చెప్పింది, అదే తీర్పు ఆ హక్కు అన్నిటికంటే పైది కాదని, వయసు మళ్లిన వాళ్లకు కూడా ఆ ఇంట్లో ప్రశాంతంగా బతికే హక్కుందని చెప్పింది. మామ సివిల్ కోర్టులో దావా వెయ్యొచ్చు, అది చట్టప్రకారం జరిగే పద్ధతే. ఇట్లాంటి చోట కోర్టు చాలాసార్లు భర్త వేరే ఇల్లు చూపించాలి, లేదా అద్దె కట్టాలి అంటుంది. 19లోనే ఉంది, అదే స్థాయిలో ప్రత్యామ్నాయ వసతి అని. అందుకే ఇల్లు మామదైతే ఈ కోరిక మొదటి పిటిషన్‌లోనే పెట్టండి. ఎంత అద్దె, ఏ వీధిలో, పిల్లల బడికి ఎంత దూరం, అన్నీ రాసి అడగండి. ఆ వీధిలో రెండు గదుల ఇల్లు 7 వేలు ఉంటే ఏడే అడగండి. "తగినంత అద్దె" అని రాస్తే 2 వేలు ఇస్తారు.

మామలు దావా బదులు ఆర్డీవో దగ్గరికి వెళ్లడం ఇప్పుడు ఎక్కువైంది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 2007 కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునలు ఉంది. అది తొందరగా తేల్చేస్తుంది, కోడల్ని ఖాళీ చెయ్యమంటుంది. 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు, వృద్ధుల చట్టం పేరుతో కోడలి నివాస హక్కును తుడిచేయకూడదు, రెండు చట్టాల్నీ కలిపి చూడాలి అంది. కొడుకే వెనకుండి తండ్రి చేత వేయించిన అర్జీలకు ఇది గట్టి జవాబు. కానీ నోటీసు వచ్చినప్పుడు వెళ్లాలి. వెళ్లకపోతే ఆమె వాదన అక్కడ ఎవరు చెప్తారు? డి.వి.సి. నంబరు, ఇంటరిమ్ ఉత్తర్వు నకలు జతచేసి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. నిజంగా ఆ ముసలాయన్ని కోడలు బాధపెడుతుంటే మాత్రం ఈ తీర్పు ఆమెను కాపాడదు, కాపాడకూడదు కూడా.

పెద్దమనుషుల గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లలో స్టాంపు కాగితం మీద రాయిస్తారు, రెండు లక్షలు తీసుకుని ఇంటి మీద ఏ హక్కూ లేదని ఒప్పుకుంటున్నాను అని. నోటరీ ముద్ర కూడా వేస్తారు. దాంతో విడాకులు అయిపోయినట్టు కాదు. కానీ ఆ సంతకం రేపు కోర్టులో ఆమె మెడకే చుట్టుకుంటుంది, ఆమె ఇష్టపడే వెళ్లింది అంటారు. ఇక్కడున్న లీడర్లు సంఘం తరఫున రాజీకి కూర్చున్నప్పుడు, ఇంటి గురించి ఒక్క వాక్యం కూడా లాయరుకి చూపించకుండా సంతకం పెట్టించొద్దు. ఖాళీ కాగితం మీదైతే అసలే వద్దు.

ఎవరో అడుగుతున్నారు, గట్టిగా చెప్పమ్మా. ఇల్లు భార్య పేరు మీద ఉండి, ఆయన్ని వెళ్లమంటే ఆయనకీ హక్కుందా అని. మంచి ప్రశ్న. ఈ చట్టం ఆడవాళ్లకు మాత్రమే, 17వ సెక్షన్ ఆయనకు వర్తించదు. అలాగని సామాన్లు వీధిలో పడేసి తాళం వెయ్యడం కూడా సరైన పద్ధతి కాదు. ఆయన చాలాకాలంగా అక్కడుంటే సివిల్ కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. తాళం వేసి వెళ్లగొడితే, ఆరు నెలల్లోపు స్వాధీనం కోసం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆయన దావా వెయ్యొచ్చు. డబ్బు నాది, పేరు ఆమెది అంటే అది వేరే దావా, లెక్కలు బ్యాంకు స్టేట్‌మెంట్లతో చూపించాలి.

చివరగా విడాకులు. డి.వి.సి. నడుస్తుండగా ఆయన విడాకుల కేసు వేస్తే, ఆ కోర్టులో కూడా ఇంటి సంగతి అడగొచ్చు, 26వ సెక్షన్ ఉంది. విడాకుల డిక్రీ వచ్చాక మాత్రం ఈ నివాస హక్కు మీద కొత్త వాదనలు మొదలవుతాయి, ఆమె ఇక భార్య కాదు కదా అంటారు. అందుకని డిక్రీ వచ్చేలోపే ఇంటి లెక్క తేల్చుకోవాలి. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం ఇచ్చేటప్పుడు, ఆ డబ్బుకి భర్త స్థిరాస్తి మీద ఛార్జి పెట్టమని అడగొచ్చు. సుజాతకు నెలకు ఇంత అని భరణం రాసి, అది ఈ పదిహేను అంకణాల ఇంటి మీద ఛార్జిగా ఉంటుంది అని డిక్రీలో రాయించి, దాన్ని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయిస్తే, తర్వాత ఎవరు ఇ.సి. తీసినా అది కనపడుతుంది. అప్పుడు ఆయన ఇల్లు అమ్ముకున్నా, కొనేవాడు ముందు ఈమె బాకీ చూసుకోవాలి.

ఇంకెవరికైనా సందేహాలుంటే కాగితం మీద రాసి ముందుకు పంపండి. ఇంటి నంబర్లు, మనుషుల పేర్లు మాత్రం అందులో రాయొద్దు.